నాలుగు కుండలు, 480 మెతుకులు

‘గుడి’ అనండి. వెంటనే ‘గుడ్డి’ అనండి. రెండింటిలోనూ ‘గు’ ఒకటేనా? చెవికి ఒకటిగానే వినిపిస్తుంది. ఒత్తక్షరం ముందున్న అచ్చు కాస్త కుదించుకుపోతుందేమోనని అనుమానం వచ్చినవాళ్లకు మాత్రం చెవి చాలదు, మిల్లీసెకన్లు కావాలి. ఇటాలియన్‌లో ద్విత్వాక్షరం ముందున్న అచ్చు పొట్టిదవుతుంది. జపనీస్‌లో అందుకు భిన్నంగా కాస్త సాగుతుంది. అంటే మనిషి నోరు అలా తయారైంది కాబట్టి ఏ భాషలోనైనా ఇలాగే జరగాలన్న నియమం లేదు. తెలుగు సంగతి తెలుగు నోళ్లలోనే కొలవాలి.

ఒక పరిశోధక విద్యార్థిని ఈ పనికి పూనుకుందనుకుందాం. గుడి–గుడ్డి, గడి–గడ్డి, మడి–మడ్డి, కల–కల్ల అని నాలుగు జతల మాటలు ఎంచుకుంది. మనుషుల్ని వెతకడానికి దూరం వెళ్లలేదు. వాళ్ల అమ్మ, మేనత్త, తమ్ముడు, పక్కింటి మాస్టారు. ఒక్కొక్కరి చేత ఒక్కో మాటను 15 సార్లు చెప్పించింది. ఎనిమిది మాటలు, పదిహేను సార్లు, నలుగురు మనుషులు కలిస్తే 480 ఉచ్చారణలు. ధ్వనిశాస్త్రం వాళ్లు ఈ ఒక్కో ఉచ్చారణనీ టోకెన్ అంటారు. ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టోకెన్ తెరిచి, అచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీతలు గీసుకుంటూ పోతే రెండు వారాలు పట్టింది. కింద వచ్చే కొలతలు నిజమైన ప్రయోగంలోవి కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఇలాంటి పట్టికలు మాత్రం భాషాశాస్త్ర విభాగాల్లో ఏటా తయారవుతూనే ఉంటాయి.

ఒత్తు లేని మాటలో అచ్చు నిడివిలోంచి ఒత్తున్న మాటలో అచ్చు నిడివిని తీసేస్తే, సగటున అమ్మకు 14 మిల్లీసెకన్లు మిగిలింది, మేనత్తకు 9, మాస్టారికి 11, తమ్ముడికి 2. నలుగురిలోనూ ఒత్తు ముందు అచ్చు పొట్టిదైంది. నలుగురి సగటు 9. ఇప్పుడామె అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇది తెలుగు మాట్లాడేవాళ్ల సంగతా, లేక ఈ నలుగురికీ కాకతాళీయంగా కలిసొచ్చిందా?

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఒక కుండ వరకు అది నిజమే. కానీ ఆమె ప్రశ్న ఊరందరి కుండల గురించి. చేతిలో 480 మెతుకులున్న మాట వాస్తవం, అవన్నీ నాలుగు కుండల్లోంచే వచ్చిన మాట కూడా అంతే వాస్తవం. అమ్మ కుండలో నూట ఇరవయ్యో మెతుకు పట్టి చూసినా ఎదురింటి కుండ గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో చూడండి. 480 కొలతలనూ 480 మంది విడివిడి మనుషుల కొలతలన్నట్టు తీసుకుని మామూలు టి-టెస్ట్ చేసిందనుకుందాం. కొలతల చెదురు 20 మిల్లీసెకన్లయితే, టి-విలువ దాదాపు 4.9 వస్తుంది. పి-విలువ, అంటే అసలు తేడాయే లేని లోకంలో కూడా ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం, దాదాపు పది లక్షల్లో ఒక వంతు. చూడ్డానికి ఎంత బాగుందో! ఇంకో పదిహేనేసి సార్లు చెప్పిస్తే ఇంకా బాగుంటుంది. ఒక్క కొత్త మనిషిని కూడా కలవకుండా, అమ్మనే మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి, తెలుగువాళ్లందరి గురించీ ఎంత నిశ్చయంగానైనా చెప్పేయొచ్చన్నమాట. అక్కడే అనుమానం రావాలి.

అనుమానం కొత్తది కాదు. 1973లో హెర్బర్ట్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, పది ఇరవై మాటలతో ప్రయోగం చేసి భాష మొత్తానికీ వర్తింపజేసే అలవాటును తప్పుపడుతూ రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠంగా చెబుతారు. 1984లో స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ జీవావరణ శాస్త్రంలో ఇదే జబ్బుకు ‘సూడోరెప్లికేషన్’ అని పేరు పెట్టాడు. ఒకే చెరువులో నీళ్లు వంద సార్లు తోడి వంద చెరువులు చూశానని లెక్క రాసుకోవడం లాంటిది. 2011లో హాంకాంగ్‌లో జరిగిన ధ్వనిశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభలో బోడో వింటర్ ఆ పేరునే తీసుకుని, మన దగ్గర కూడా ఇది పాతుకుపోయిందని చెప్పాడు.

ధ్వనిశాస్త్రంలో మనుషులు తక్కువ కావడానికి కారణం బద్ధకం కాదు. పదాది హల్లుల వెంట కంఠనాదం ఎప్పుడు మొదలవుతుందో పదకొండు భాషల్లో కొలిచిన లిస్కర్, అబ్రామ్‌సన్‌ల 1964 నాటి వ్యాసం ఈ రంగంలో మూలస్తంభం. అందులో కొన్ని భాషలకు మాట్లాడినవాళ్లు ఒక్కొక్కరే. నీలగిరుల్లోని తోడా లాంటి భాష అయితే మాట్లాడేవాళ్లే కొద్దిమంది. టోకెన్లు పెంచుకోవడం పరిశోధకుల చేతిలో పని, మనుషుల్ని పెంచుకోవడం ప్రతిసారీ చేతిలో ఉండదు.

మందు ఏమిటని అడిగితే రెండు పేర్లు వినిపిస్తాయి. మిక్స్‌డ్ మోడల్, పర్మ్యుటేషన్ టెస్ట్.

మిక్స్‌డ్ మోడల్ కుండకూ కుండకూ ఉన్న తేడాను ఒప్పుకునే లెక్క. అమ్మ నింపాదిగా మాట్లాడుతుంది, తమ్ముడు గబగబా అనేస్తాడు. ఎవరి సగటు నిడివి వాళ్లది. ఒక్కొక్కరికీ విడి మొదలు ఇచ్చే ఈ ఏర్పాటును ర్యాండమ్ ఇంటర్‌సెప్ట్ అంటారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఆమె అడిగేది ఎవరు నింపాది, ఎవరు తొందర అని కాదు. ఒత్తు వల్ల వచ్చే కుదింపు మనిషికీ మనిషికీ ఎంత మారుతుందన్నది అసలు విషయం. అమ్మకు 14, తమ్ముడికి 2. ఆ మార్పుకు కూడా చోటిచ్చే ఏర్పాటు ర్యాండమ్ స్లోప్. ‘ఆర్’ భాషలో రెండూ ఇలా ఉంటాయి.

```r
m1 <- lmer(dur ~ gem + (1 | spk), data = d)
m2 <- lmer(dur ~ gem + (1 + gem | spk), data = d)
```

చూడ్డానికి తేడా నాలుగు అక్షరాలు. ఒక్కొక్కరి లోపలి చెదురు 15 మిల్లీసెకన్లు అనుకుంటే మొదటి మోడల్‌లో టి-విలువ ఆరు దాటుతుంది. అంటే టి-టెస్ట్ కన్నా గొప్పగా! మనుషుల వేగాల తేడాను తీసేసింది కాబట్టి చెదురు తగ్గింది, మెతుకుల్ని మాత్రం ఇంకా మెతుకులుగానే లెక్కపెడుతోంది. రెండో మోడల్‌లో టి-విలువ 3.53కు దిగుతుంది, పి-విలువ 0.039. అందరి కొలతలూ సమానంగా ఉన్నప్పుడు ఈ రెండో మోడల్ చేసే పని, 14, 9, 11, 2 అనే నాలుగు అంకెల మీద చేత్తో చేసే జత టి-టెస్టుతో సరిపోతుంది. 480 టోకెన్లూ పోయి నాలుగు అంకెలే మిగిలాయి. కంప్యూటర్ ఎంత హంగామా చేసినా లోపల జరిగేది అంతే.

ఈ మోడళ్ల వెనక ఉన్న లెక్కకు తెలుగు నేలతో ఒక బంధుత్వం ఉంది. మొత్తం చెదురులో మనుషుల వాటా ఎంత, మాటల వాటా ఎంత అని విడగొట్టే సమస్యకు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1970ల మొదట్లో ‘మింక్’ అనే పద్ధతి ఇచ్చారు. ఈ రోజు సాఫ్ట్‌వేర్లలో నడిచే రెమ్ల్ పద్ధతికి అది దగ్గరి చుట్టం. ఆయన కేంబ్రిడ్జిలో పరిశోధన చేసింది రోనాల్డ్ ఫిషర్ దగ్గర. పర్మ్యుటేషన్ టెస్ట్ కథ మొదలయ్యేదీ ఆ ఫిషర్ దగ్గరే.

ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే ఆవిడ, టీలో పాలు ముందు పోశారో వెనక పోశారో తాగి చెప్పగలనంది. ఫిషర్ దాన్ని 1935 నాటి తన పుస్తకంలో ప్రయోగంగా మలిచాడు. ఎనిమిది కప్పులు, అందులో నాలుగు పాలు ముందు పోసినవి. ఎనిమిదిలోంచి నాలుగింటిని ఎంచుకునే దారులు 70. ఏమీ తెలియకుండా అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. చెదురు ఎలా ఉంటుందన్న ఊహలేమీ అక్కర్లేదు. ఎన్ని దారులున్నాయి, వాటిలో మనకు దొరికినంత బలమైనవి ఎన్ని అన్నదే లెక్క.

విద్యార్థిని కొలతలకు ఇదే పద్ధతి పెడదాం. ఒత్తు వల్ల అచ్చుకు ఏమీ కాదనుకుంటే, అమ్మకు వచ్చిన 14 ఎంత సులువుగా వచ్చిందో మైనస్ 14 కూడా అంతే సులువుగా రావాలి. అలాగే 9, 11, 2 కూడా. నాలుగు అంకెలకు ప్లస్ మైనస్ గుర్తులు వేసే దారులు 16. వాటిలో మొత్తం ఇంత పెద్దదయ్యేవి రెండే. అన్నీ ప్లస్, అన్నీ మైనస్.

```r
x <- c(14, 9, 11, 2)
s <- as.matrix(expand.grid(rep(list(c(-1, 1)), 4)))
mean(abs(s %*% x) >= abs(sum(x)))
```

జవాబు 0.125. నలుగురూ ఒకే వైపు నిలబడ్డారు, ఇంతకన్నా మంచి ఫలితం నలుగురితో రాదు, అయినా 0.125. తేడా 9 మిల్లీసెకన్లు కాదు, 90 వచ్చినా ఇంతే. ఐదుగురైతే 32 దారుల్లో రెండు, 0.0625. ఆరుగురైతే 64లో రెండు, 0.031. పత్రికలు గీత గీసిన 0.05 దాటాలంటే ఈ పద్ధతికి కనీసం ఆరుగురు కావాలి, ఆ ఆరుగురూ ఒకే మాట మీద ఉండాలి.

ఒకే పట్టిక, మూడు జవాబులు. పది లక్షల్లో ఒకటి, 0.039, 0.125. మొదటిదాన్ని పక్కన పెట్టడం సులువు. చిక్కు మిగతా రెంటి మధ్యే. ఒకే నాలుగు అంకెల మీద మిక్స్‌డ్ మోడల్ ‘ఉంది’ అంటోంది, పర్మ్యుటేషన్ టెస్ట్ ‘తెలియదు’ అంటోంది. మోడల్‌కు ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చింది?

అప్పు తెచ్చుకుంది. తెలుగు మాట్లాడేవాళ్లందరి కుదింపులూ ఒక సగటు చుట్టూ గంట ఆకారంలో, అంటే నార్మల్ పంపిణీలో ఉంటాయని అది నమ్ముతుంది. ఆ నమ్మకం నిజమైతే నలుగురితోనే ఎక్కువ చెప్పగలదు. నిజమో కాదో నలుగుర్ని చూసి తేల్చలేం. నమ్మకం ఎదురు తిరిగే తీరు కూడా విచిత్రంగా ఉంటుంది. మాస్టారికి 11 బదులు 40 వచ్చిందనుకోండి. కుదింపుకు సాక్ష్యం ఇంకా బలపడినట్టే కదా? సగటు 16కు పైగా పెరుగుతుంది. కానీ నలుగురి మధ్య చెదురు అంతకన్నా ఎక్కువ పెరిగి, మోడల్ పి-విలువ 0.039 నుంచి 0.145 దగ్గరికి పోతుంది. గుర్తులు మార్చే పరీక్ష మాత్రం అదే 0.125 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. నలుగురూ ఒకే వైపున్నారా లేదా అన్నంత వరకే దానికి పట్టింపు.

అలాగని పర్మ్యుటేషన్ టెస్ట్ పేరు వినగానే నిశ్చింతగా ఉండనక్కర్లేదు. దేన్ని కలుపుతున్నారన్నది ముఖ్యం. ఒక్కొక్కరి 120 టోకెన్లలోనే ఏది ఒత్తుది, ఏది కాదు అన్న చీటీలను కలగాపులగం చేస్తూ పదివేల సార్లు లెక్క వేస్తే, పి-విలువ మళ్లీ పదివేలలో ఒకటి దగ్గరికి పడిపోతుంది. ఇది తప్పు లెక్క కాదు, వేరే ప్రశ్నకు జవాబు. ‘ఈ నలుగురి నోళ్లలో ఈ మాటలకు తేడా ఉందా?’ అన్నదానికి జవాబు. ఒక భాష మాట్లాడేవాళ్లు ఇద్దరే మిగిలినప్పుడు అడగాల్సింది కూడా అదే. మిగతా జనాభా అంటూ లేనప్పుడు ఇద్దరి గురించి చెబితే అందరి గురించీ చెప్పినట్టే.

ఆ కలగాపులగానికి కూడా ఒక షరతుంది. మాటల్ని యాదృచ్ఛిక క్రమంలో చెప్పించి ఉండాలి. ముందు ‘గుడి’ పదిహేను సార్లు, తర్వాత ‘గుడ్డి’ పదిహేను సార్లు అని చెప్పిస్తే, చివరికొచ్చేసరికి మనిషి విసుగొచ్చి వేగం పెంచుతాడు. ఆ వేగం ఒత్తు మాటల ఖాతాలో పడుతుంది. చీటీలు ఎన్ని సార్లు కలిపినా ఆ మురికి పోదు. ఎనిమిది మాటల్నీ కలిపి ఒక విడత, మళ్లీ కలిపి ఇంకో విడత అని పదిహేను విడతలు చెప్పించి ఉంటే, ఏ విడత చీటీలను ఆ విడతలోనే కలిపి లెక్క వేయవచ్చు.

మోడల్ వైపు పొంచి ఉండే గుంట మరొకటి. నలుగురి కుదింపులూ దగ్గరదగ్గరగా ఉంటే, మనుషుల మధ్య తేడా సున్నా అని సాఫ్ట్‌వేర్ తేల్చేస్తుంది. తెర మీద `boundary (singular) fit: see help('isSingular')` అని ఒక వాక్యం వస్తుంది. ‘మనుషులందరూ ఒకేలా ఉన్నారు, మంచిదేగా’ అనుకుని దాటిపోయేవాళ్లు ఎక్కువ. నిజానికి అక్కడ జరిగింది, నలుగుర్ని చూసి తేడా ఎంతో కొలవడం మోడల్‌కు చేతకాకపోవడం. స్లోప్‌ను సున్నా చేయగానే రెండో మోడల్ ఇంచుమించు మొదటి మోడల్‌గా మారిపోతుంది, పి-విలువ కుప్పకూలుతుంది. కనిపెట్టే కిటుకు ఒకటుంది. ఫలితాల పట్టికలో `df` అనే గడి చూడాలి. నలుగురు మనుషులకు అక్కడ 3 దరిదాపు ఉండాలి. 475 అని ఉందంటే మళ్లీ మెతుకులు లెక్కపెడుతున్నట్టే.

ఇంకో పరీక్ష చేత్తో చేసుకోదగ్గది. ఒక్కొక్కర్ని తీసేసి మళ్లీ లెక్క వేయడం. తమ్ముణ్ని తీసేస్తే పి-విలువ 0.016కు దిగుతుంది. అమ్మను తీసేస్తే 0.115కు ఎగబాకుతుంది. ఒక మనిషి ఉండడం, లేకపోవడంతో జాతకం ఇంతగా మారే ఫలితాన్ని 0.039 అనే ఒక్క అంకెతో అచ్చువేయడం పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే. నాలుగు అంకెలూ పట్టికలో పెడితే పోయేదేముంది?

మిక్స్‌డ్ మోడల్‌కు ఎదురులేని చోటు కూడా ఉంది. ఇంతవరకూ మాటల్ని మరిచిపోయాం. జతలు నాలుగే కదా! అవి కూడా నాలుగు కుండలే. మనుషుల్ని, మాటల్ని ఏకకాలంలో లెక్కలోకి తీసుకోవడం మోడల్‌కు ఒక చిన్న చేర్పుతో అయిపోతుంది. 2008లో బాయెన్, డేవిడ్‌సన్, బేట్స్ రాసిన వ్యాసం తర్వాత భాషా ప్రయోగాలు ఈ దారి పట్టింది అందుకే. గుర్తులు మార్చే పరీక్షతో ఆ రెండూ ఒకేసారి చేయడం అంత తేలిక కాదు. టోకెన్లు కొందరివి చెడిపోయినప్పుడు, మాట్లాడే వేగాన్ని కూడా లెక్కలోకి తేవాల్సి వచ్చినప్పుడు మోడలే నయం. పన్నెండు, పదిహేను మంది మనుషులు, ఇరవై ముప్పై జతల మాటలు ఉన్నచోట దీన్ని వదులుకోవడం తెలివితక్కువ. నలుగురైదుగురు ఉన్నచోట మాత్రం మనిషికో అంకె తేల్చి, గుర్తుల పరీక్ష పక్కన పెట్టి చూడకుండా మోడల్ మాట నమ్మడం తొందరపాటు.

అన్నిటికన్నా విద్యార్థినికి కోపం తెప్పించే లెక్క ఇంకొకటి. మన అంకెల ప్రకారం సగటులో తప్పు 2.55 మిల్లీసెకన్లు. అదే నలుగురి చేత రెట్టింపు టోకెన్లు చెప్పిస్తే 2.36. వాళ్లను జీవితాంతం కూర్చోబెట్టి చెప్పించినా 2.15కు దిగదు. ఆ 480 టోకెన్లనే ఎనిమిది మంది దగ్గర అరవయ్యేసి తీసుకుంటే 2.05. అంటే రెండు వారాల పని అంతే, గీతలు గీసే కష్టం అంతే, తలుపు తట్టాల్సిన ఇళ్లు మాత్రం ఇంకో నాలుగు.

ఈ రెండు పరీక్షల్లో ఏదీ పట్టుకోలేని తప్పు కూడా ఒకటి ఉంది. ‘గుడి’ అన్నప్పుడు చాలామంది నాలుక అంగిట్లో చటుక్కున తగిలి వదిలేస్తుంది. తెర మీద అచ్చు ఎక్కడ ముగిసిందో మసకగా ఉంటుంది. ‘గుడ్డి’లో నాలుక ఆగి నిలబడుతుంది కాబట్టి అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. మసకగా ఉన్నచోట గీతను ఐదారు మిల్లీసెకన్లు కుడికి జరిపే అలవాటు కొలిచే మనిషికి ఉంటే, ప్రతి నోటిలోనూ ‘గుడి’ అచ్చు సాగినట్టే కనిపిస్తుంది. నలుగురు కాదు నలభై మంది ఒకే వైపు నిలబడతారు. అందుకే కొన్ని టోకెన్లను, ఈ ప్రశ్న తెలియని మరొకరి చేత కొలిపించి పోల్చుకుంటారు. ‘కల–కల్ల’ జత విడిగా ఏం చెబుతోందో చూడడం కూడా పనికొస్తుంది. అక్కడ డకారం లేదు కాబట్టి ఆ మసకా ఉండదు.

విద్యార్థిని మళ్లీ మైకు పట్టుకుని వీధిలోకి వెళ్లి, ఇంకో ఇద్దర్ని రికార్డు చేసిందనుకుందాం. ఒకావిడకు 7 వచ్చింది. ఇంకొకాయనకు మైనస్ 3. ఆయన నోట్లో ఒత్తు ముందు అచ్చే కాస్త పొడుగు. ఆరుగురి సగటు 6.7కు తగ్గింది. మోడల్ 0.047 అంది, గుర్తుల పరీక్ష 64లో ఆరు, అంటే 0.094 అంది. ఆమె ఆరు అంకెలనూ, రెండు పి-విలువలనూ వ్యాసంలో పక్కపక్కనే పెట్టి, ఆరో మనిషి ఫైళ్లు మళ్లీ తెరిచి మొదటి ‘గుడి’ దగ్గర గీత ఎక్కడ పడిందో చూడడం మొదలుపెట్టింది.